వైవాలో ఎన్ని రావాలి?

చివరి సెమిస్టర్‌కి వచ్చిన పీజీ విద్యార్థులు సెలవులకు భీమ్‌గల్ వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే: ఇంకెంత మిగిలింది? దానికి పిల్లలు చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే. రివ్యూలు బాగా అయ్యాయి, మార్కులు ఎనభైకి పైనే ఉన్నాయి, ఇక వైవా ఒక్కటే, అది లాంఛనమే. ఈ చివరి మాట దగ్గరే చాలామంది దెబ్బ తింటున్నారు. డిసర్టేషన్‌ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగానికీ విడిగా కనీస మార్కు పెట్టిన చోట, ముందు సంపాదించిన మార్కులు చివరి భాగాన్ని ఆదుకోవు. వైవాకు ఎన్ని రావాలన్న ప్రశ్నకు జవాబు విద్యార్థి మనసులో వేసుకున్న లెక్కలో దొరకదు. తాను చేరిన సంవత్సరపు నిబంధనల పుస్తకంలో దొరుకుతుంది.

నిజామాబాద్ జిల్లాలోని ఇంజనీరింగ్ కళాశాలలకు అనుబంధం ఇచ్చే హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనలనే తీసుకుందాం. 2019లో అమల్లోకి వచ్చిన ఎంటెక్ నిబంధనలను విద్యార్థులు ఆర్-19 అంటారు. వాటి ప్రకారం డిసర్టేషన్ ఒకే మార్కుతో తేలిపోదు. మొదటి రివ్యూలో విషయం ఖరారవుతుంది. మూడో సెమిస్టర్‌లో రెండో రివ్యూకి 100 మార్కులు, 6 క్రెడిట్లు. నాలుగో సెమిస్టర్‌లో మూడో రివ్యూకి మళ్లీ 100 మార్కులు, 6 క్రెడిట్లు. ఆఖరున వైవాకి 100 మార్కులు, 14 క్రెడిట్లు. రివ్యూల్లో సగం మార్కులు గైడ్ వేస్తారు, మిగతా సగం కళాశాలలోని ప్రాజెక్టు సమీక్షా సంఘం వేస్తుంది. వైవా మార్కులు బయటినుంచి వచ్చిన పరీక్షకుడి చేతిలో ఉంటాయి. ఈ మూడింటిలో దేనికది 50 శాతం తెచ్చుకోవాల్సిందే.

ఈ నిబంధన ఏం చేస్తుందో అంకెలు వేసి చూస్తే తప్ప మనసుకు పట్టదు. భీమ్‌గల్ పక్క పల్లెలో పసుపు పండించే ఇంటి అమ్మాయి ఎంటెక్ చేస్తోందని అనుకుందాం. పసుపు ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ ఆమె విషయం. రెండో రివ్యూలో 82, మూడో రివ్యూలో 84 వచ్చాయి. వైవాలో 47 వచ్చాయి. మూడూ కలిపితే 300కి 213, అంటే 71 శాతం. క్రెడిట్ల బరువు కట్టి సగటు తీసినా 63 శాతం పైనే ఉంటుంది. అయినా ఆమె తప్పింది. ఆమె పక్కన కూర్చున్న అబ్బాయికి 50, 50, 50 వచ్చాయి. మొత్తం 150, సరిగ్గా 50 శాతం. అతను పాసయ్యాడు. ఇందులో పొరపాటు ఏమీ లేదు. నిబంధన పని చేయాల్సిన తీరే ఇది. ఏ భాగమూ మరో భాగానికి బదులు నిలవదన్నదే దాని ఉద్దేశం. కాబట్టి ఈ పద్ధతిలో వైవాకు ఎన్ని రావాలన్న ప్రశ్నకు జవాబు అందరికీ ఒకటే, 50. రివ్యూలో 95 వచ్చినవారికీ 50 వచ్చినవారికీ ఆ అంకె మారదు.

ఇంకో రకం పద్ధతి కూడా మన పిల్లలకు ఎదురవుతుంది. అక్కడ ప్రతి భాగానికీ ఒక కనీసం ఉంటుంది, దానిపైన మొత్తానికి మరో కనీసం ఉంటుంది. ఇదే రకం నిబంధన బీటెక్ ఆర్-22 థియరీ సబ్జెక్టుల్లో ఉంది. ఇంటర్నల్స్‌లో 40కి 14, సెమిస్టర్ పరీక్షలో 60కి 21 రావాలి. ఆ రెండూ కలిపితే 35 అవుతాయి. కానీ మొత్తం మీద 40 రావాలి. రెండు చోట్లా కనీసం దాటి కూడా తప్పేవాళ్లు ఉంటారు. మొదటి మెమో చూసినప్పుడు చాలా ఇళ్లలో అర్థం కానిది ఇదే. దేనిలోనూ తప్పలేదు కదా, మరి ఫెయిల్ అని ఎందుకుంది అని తండ్రి అడుగుతాడు. పిల్లవాడు జవాబు చెప్పలేడు.

డిసర్టేషన్‌కి ఈ రెండో పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక నమూనా తీసుకుందాం. నివేదికకు 60 మార్కులు, వైవాకు 40. ప్రతి భాగంలోనూ 40 శాతం రావాలి, మొత్తం మీద 50 రావాలి. అంటే నివేదికలో కనీసం 24, వైవాలో కనీసం 16. నివేదిక మార్కు ముందే తెలిసిపోయింది. ఇప్పుడు వైవాలో ఎన్ని కావాలి? రెండు లెక్కలు వేయాలి. 50లోంచి నివేదిక మార్కు తీసేస్తే వచ్చేది ఒకటి, వైవా కనీసం 16 మరొకటి. రెండింటిలో ఏది ఎక్కువో అదే కావలసిన మార్కు.

నివేదికలో 26 వచ్చినవాడికి మొదటి లెక్క 24 చెబుతుంది. అది 16 కంటే ఎక్కువ కాబట్టి అతనికి 24 కావాలి. 16 వస్తే చాలనుకుని వెళ్తే వైవాలో నెగ్గి కూడా డిసర్టేషన్‌లో తప్పుతాడు. నివేదికలో 30 వస్తే 20 కావాలి. 34 వస్తే రెండు లెక్కలూ కలిసి 16 దగ్గర నిలుస్తాయి. 45 వచ్చినవాడికి మొదటి లెక్క 5 చాలంటుంది. అతను దాన్ని నమ్ముకుంటే మునుగుతాడు, ఎందుకంటే అతనికీ 16 రావాల్సిందే. ఇక్కడ కీలకమైన అంకె 34. మొత్తం కనీసంలోంచి చివరి భాగం కనీసం తీసేస్తే వచ్చే అంకె అది. అంతకు తక్కువ ఉన్నవారిని మొత్తం లెక్క నడిపిస్తుంది. అంతకు ఎక్కువ ఉన్నవారిని విడి కనీసం నడిపిస్తుంది. నివేదికలో 34 దాటాక వచ్చే ప్రతి మార్కూ గ్రేడుకు పనికొస్తుంది కానీ వైవా భారాన్ని రవ్వంత కూడా తగ్గించదు. ప్రతి విద్యార్థీ తన నిబంధనలోంచి ఈ ఒక్క అంకె బయటికి తీసి పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

శాతాన్ని మార్కుగా మార్చేటప్పుడు మరో చిక్కు వస్తుంది. దీన్ని తెలుగు ఇళ్లన్నీ ఇంటర్‌లోనే చూశాయి. 75 మార్కుల గణితంలో 35 శాతం అంటే 26.25. పాస్ మార్కు 26గా పెట్టారు. 30 మార్కుల ప్రాక్టికల్స్‌లో 35 శాతం అంటే 10.5. అక్కడ పాస్ మార్కు 11. ఒకచోట పావు మార్కు వదిలేశారు, మరోచోట అర మార్కు పెంచారు. దగ్గరి పూర్ణాంకానికి సవరించడం అనే ఒకే సూత్రం రెండుచోట్లా పనిచేసింది కాబట్టి ఇందులో అన్యాయం లేదు. కానీ ఆ సూత్రం కాగితం మీద ఉండాలి. డిసర్టేషన్‌లో ఇద్దరు పరీక్షకులు 49, 50 వేస్తే సగటు 49.5 వస్తుంది. అది 50 అవుతుందా కాదా అన్నది ఒకరి ఏడాదిని నిర్ణయిస్తుంది. ఈ సవరణ ప్రతి భాగం దగ్గరా చేస్తారా, మొత్తం కూడిన తర్వాత ఒక్కసారే చేస్తారా అన్నది కూడా రాసి ఉండాలి. రెండింటికీ జవాబులు వేరు వస్తాయి.

పాస్ కావడం ఒక లెక్క, మంచి గ్రేడు మరో లెక్క. జేఎన్‌టీయూ పద్ధతిలో మార్కులు గ్రేడు పాయింట్లుగా మారతాయి. 50 నుంచి 59 దాకా 6 పాయింట్లు, 60ల్లో 7, 70ల్లో 8, 80ల్లో 9, 90 నుంచి 10. పసుపు డ్రయ్యర్ అమ్మాయికి రెండు రివ్యూల్లోనూ 80లు వచ్చాయి కాబట్టి చెరో 9 పాయింట్లు. వైవాకు వెళ్లకముందు, డిసర్టేషన్ మొత్తానికి సగటున 8 పాయింట్లు రావాలని ఆమె ఆశ. రివ్యూల నుంచి 12 క్రెడిట్లకు 108 వచ్చాయి. 26 క్రెడిట్లకు 8 చొప్పున 208 కావాలి. మిగిలిన 100ని వైవా 14 క్రెడిట్ల నుంచి రాబట్టాలంటే 7.14 పాయింట్లు కావాలి. గ్రేడులో 7.14 అనేది లేదు. 7 ఉంది, 8 ఉంది. 7 వస్తే సగటు 7.92 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆమెకు 8 కావాలి, అంటే వైవాలో 70 రావాలి. 69 వచ్చినా 60 వచ్చినా ఆమెకు ఫలితం ఒకటే. లెక్క పైకి 7.14 చూపించినా, వాస్తవంగా కావలసిన మార్కు 70. వైవా బరువు 26లో 14 కావడం వల్ల, ఏడాది పొడవునా సాగిన రెండు రివ్యూల కంటే ఆ ఒక్క పూట బరువెక్కువ.

అయితే వైవాకు విడి కనీసం ఎందుకు పెట్టాలి? మొత్తం మార్కులు చూసి వదిలేస్తే పోదా? ఈ దారి ఉంది. ఎంఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో ఇచ్చిన నిబంధనల్లో పరిశోధన మూల్యాంకన పట్టిక చూడండి. డిసర్టేషన్ పుస్తకానికి 500 మార్కులు. అందులో లక్ష్యాలకు 50, పద్ధతికి 150, ఫలితాలు, చర్చకు 250, ముగింపులకు 50. ప్రదర్శనకు 250 మార్కులు. అందులో పనిని వివరించడానికి 100, మాట్లాడే తీరుకు 50, ప్రశ్నలకు జవాబులకు 100. ఏ పనికి ఎంత విలువో ఇంత విడమరచి చెప్పిన పట్టికలు మన దగ్గర తక్కువ, దీన్ని మెచ్చుకోవాలి. కానీ 750 మొత్తం మీద 50 శాతమే గీత అయితే, అంటే 375 వస్తే చాలంటే, పుస్తకంలో 330 తెచ్చుకున్నవారికి ప్రదర్శనలో 250కి 45 వస్తే సరిపోతుంది. అది 18 శాతం. తాను రాసిన పుస్తకం గురించి అడిగితే అయిదింట ఒక్కదానికి కూడా సరిగా జవాబు చెప్పలేని మనిషి నెగ్గుతాడు.

ఆ పుస్తకం ఎవరు రాశారన్న అనుమానం మన దగ్గర ఊహ కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బిస్తే ప్రాజెక్టు, నివేదిక, స్లైడ్లు అన్నీ కలిపి చేతిలో పెట్టే వ్యాపారం గురించి ఇంజనీరింగ్ చదివిన ప్రతివారికీ తెలుసు. కాపీని పట్టుకోవడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. కానీ ఈ పోలిక సాఫ్ట్‌వేర్ పాత వాక్యాలను మాత్రమే పట్టుకుంటుంది. డబ్బిచ్చి కొత్తగా రాయించుకున్న నివేదికలో పోలిక సున్నా కూడా రావచ్చు. అక్కడ మిగిలే కాపలా వైవా ఒక్కటే.

వైవా ఆ పని ఎలా చేస్తుందో పసుపు డ్రయ్యర్ ఉదాహరణలోనే చూడొచ్చు. పసుపు కొమ్ములను ముందు ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడకబెడతారు. ఎండలో ఆరబెడితే పది పదిహేను రోజులు పడుతుంది. వేడి గాలితో ఆరబెడితే 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఈ మూడు విషయాలూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, ఎవరైనా నివేదికలో రాసేయొచ్చు. పరీక్షకుడు అడగాల్సినవి వేరు. నీ డ్రయ్యర్‌లో పై తట్టకూ కింది తట్టకూ ఉష్ణోగ్రత తేడా ఎంత వచ్చింది? మబ్బు పట్టిన రోజు రీడింగులు ఏం చేశావు, పట్టికలో ఉంచావా, తీసేశావా? ఉడకబెట్టిన కొమ్మునూ ఉడకబెట్టనిదాన్నీ పక్కపక్కన ఆరబెట్టి చూశావా? పని చేసిన అమ్మాయి ఈ ప్రశ్నలకు తడుముకోకుండా చెబుతుంది, తాను చేసిన తప్పులతో సహా చెబుతుంది. పని చేయించుకున్నవాళ్లు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. వైవాకు విడి కనీసం ఉండాలని నేను గట్టిగా అనేది అందుకే. మరే భాగమూ తేల్చలేని ఒక విషయాన్ని ఆ భాగం తేలుస్తుంది. అలాంటి భాగానికి విడి గీత న్యాయం.

ఈ న్యాయం మిగతా భాగాలకూ ఒకేలా వర్తించదు. గీతల సంఖ్య పెరిగేకొద్దీ అర్హులైనవారు కూడా పొరపాటున తప్పే అవకాశం పెరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. నిజంగా అర్హత ఉన్న 100 మంది ఉన్నారు. ఏ పరీక్షా కచ్చితంగా కొలవలేదు కాబట్టి, ప్రతి గీత దగ్గరా అయిదు శాతం మంది అన్యాయంగా తప్పుతారనుకుందాం. మొదటి గీత దాటేది 95 మంది, రెండోది 90 మంది, మూడోది దాదాపు 86 మంది. ఒక్క గీత ఉంటే అయిదుగురికి జరిగే నష్టం మూడు గీతలుంటే పద్నాలుగు మందికి జరుగుతుంది. ఒకచోట బాగా చేసినవారే మరోచోటా బాగా చేస్తారు కాబట్టి వాస్తవంలో ఇది ఇంకొంత తక్కువ ఉండొచ్చు. దిశ మాత్రం మారదు.

మొదటి గీతకూ చివరి గీతకూ ఒక తేడా ఉంది. రెండో రివ్యూలో తప్పినవారి చేతిలో ఇంకా ఒక సెమిస్టర్ ఉంటుంది. అక్కడ గీత హెచ్చరికగా పనిచేస్తుంది. ప్రయోగం నడవడం లేదని, విషయం మార్చుకోవాలని అది ముందే చెబుతుంది. చివరి గీత దగ్గర సమయం అయిపోయి ఉంటుంది. ఆర్-19 ప్రకారం వైవాలో తప్పినవారు మూడు నెలల తర్వాతే మళ్లీ హాజరు కావాలి. అప్పుడూ తప్పితే, సరిదిద్ది మళ్లీ సమర్పించమని పరీక్షా మండలి చెబితే తప్ప, డిగ్రీకి అర్హత పోతుంది. రెండు మార్కుల తేడాతో మూడు నెలలు. క్యాంపస్ ఉద్యోగం చేరమన్న తేదీ ఆ మూడు నెలల్లో దాటిపోతుంది. హాస్టల్ గది ఖాళీ చేసి ఊరికి రావాల్సి వస్తుంది. అప్పు చేసి చదివించిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. బోధన్‌లో 1937 నుంచి ఉన్న నిజాం షుగర్స్ 2015 చివర్లో మూతపడ్డాక, అక్కడ కూలి మీద, చెరకు మీద ఆధారపడ్డ ఇళ్లలో పెద్ద చదువే మిగిలిన దారి అయింది. ఆ ఇళ్ల పిల్లలకు మూడు నెలలంటే మూడు నెలల జీతం.

బయట దేశాల్లో కూడా ఈ గీతలున్నాయి. మన జిల్లా నుంచి బ్రిటన్ వెళ్లి ఎంఎస్‌సీ చేస్తున్నవారికి అక్కడి డిసర్టేషన్ పాస్ మార్కు సాధారణంగా 50. చాలా విశ్వవిద్యాలయాలు మిగతా సబ్జెక్టుల్లో కొద్దిగా తగ్గితే ఒకదాని మార్కుతో మరొకదాన్ని సర్దుతాయి కానీ డిసర్టేషన్‌కి ఆ వెసులుబాటు ఇవ్వవు. రెండోసారి సమర్పిస్తే ఎంత బాగా రాసినా మార్కు 50 దగ్గరే ఆపేస్తాయి. ఇదంతా కఠినమే. కానీ మళ్లీ సమర్పిస్తే మార్కు ఎక్కడ ఆగుతుంది, ఏ భాగం తప్పనిసరి అన్న సంగతులు చేరినప్పుడే ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. మన దగ్గర ఇదే కొరవడుతోంది. నిబంధనలు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెద్ద ఫైలుగా ఉంటాయి. విద్యార్థి వాటిని తప్పిన తర్వాత మొదటిసారి చదువుతాడు.

గీత సరిగా పనిచేస్తోందా లేదా అన్నది కళాశాలలే తేల్చుకోవచ్చు. దానికి పెద్ద అధ్యయనం అవసరం లేదు. గత మూడేళ్ల వైవా మార్కులు తీసుకుని 45 నుంచి 49 మధ్య ఎంతమంది ఉన్నారో, 50 నుంచి 54 మధ్య ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే చాలు. మొదటిది దాదాపు ఖాళీగా ఉండి రెండోదాంట్లో జనం గుంపుగా ఉంటే, పరీక్షకుడు మార్కు కొలవడం మానేసి పాస్ ఇవ్వాలా వద్దా అని ముందు నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు అంకె వేస్తున్నాడని అర్థం. దయతో వేసిన 50కీ సంపాదించిన 50కీ తేడా పోతుంది. దాన్ని చూసిన తర్వాతి బ్యాచ్ వైవా లాంఛనమే అని మళ్లీ నమ్ముతుంది. ఎప్పుడో ఒక ఏడాది గీతను గీతగానే చూసే పరీక్షకుడు వస్తాడు. ఆ బ్యాచ్‌లో ఎక్కువ మంది పడిపోతారు.

రెండో పరీక్ష కూడా ఉంది. రివ్యూల సగటుకూ వైవా సగటుకూ తేడా చూడాలి. ఇంటి మార్కులు 85 దగ్గర, బయటి మార్కులు 55 దగ్గర ఉంటే, ముప్పై మార్కుల తేడాకు జవాబు చెప్పాల్సింది విద్యార్థులు కాదు. గైడ్లూ సమీక్షా సంఘమూ రెండు రివ్యూల్లోనూ తప్పులు చెప్పకుండా మార్కులు వేశారని అర్థం. ఎనభై వచ్చిన విద్యార్థికి తన పని బాగుందనే నమ్మకం వస్తుంది. ఏ ప్రశ్నకు తాను జవాబు చెప్పలేకపోతున్నాడో ఎవరూ చూపించరు. ఇలా పెంచి వేసిన మార్కు విద్యార్థికి మేలనుకోవడం పొరపాటు. మొత్తం మార్కులతో తేలే పద్ధతిలో అది మేలు చేస్తుంది, విడి కనీసం ఉన్న పద్ధతిలో కీడు చేస్తుంది. గైడ్ ఉదారంగా వేసిన 30 మార్కులు వైవా గది గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వైవాకు విడి కనీసం ఉంచాలి. రివ్యూలకు కనీసం ఉండొచ్చు కానీ అక్కడ తగ్గినవారిని ఫెయిల్ అని రాసి బ్యాక్‌లాగ్ పెట్టకుండా, నాలుగు వారాల్లో అదే రివ్యూ మళ్లీ ఇచ్చే అవకాశం ఇవ్వాలి. వైవాలో 45 నుంచి 49 మధ్య వచ్చినవారిని మూడు నెలలు ఆపకుండా, మరో పరీక్షకుడితో పదిహేను రోజుల్లో రెండోసారి వినాలి. ఈ అయిదు మార్కుల మేర ఒక పరీక్షకుడికీ మరొకరికీ తేడా రావడం సహజం. ఆ తేడా మీద ఒకరి డిగ్రీని ఆపకూడదు. 35 వచ్చినవారికి మూడు నెలలు ఇవ్వడం సబబే, వాళ్లకు పని మళ్లీ చేయడానికి ఆ సమయం అవసరం. ఇద్దరికీ ఒకే గడువు పెట్టడం తప్పు.

దీనికి నిబంధనలు మార్చాలి, సమయం పడుతుంది. ఏ మార్పూ లేకుండా రేపటినుంచే చేయగలిగిన పని ఒకటుంది. మూడో రివ్యూ అయిన రోజు విద్యార్థి చేతికి ఇచ్చే కాగితం మీద, ఇప్పటిదాకా వచ్చిన మార్కులతో పాటు, వైవాలో పాస్ కావడానికి కావలసిన మార్కు ఎంత, తర్వాతి గ్రేడుకు కావలసిన మార్కు ఎంత, అర మార్కు వస్తే ఎలా సవరిస్తారు, తప్పితే ఏ భాగం మళ్లీ రాయాలి, మిగతా భాగాల మార్కులు నిలుస్తాయా అన్న అయిదు సంగతులు ముద్రించాలి. పరీక్షల విభాగం కంప్యూటర్‌లో ఈ అంకెలన్నీ ఇప్పటికే ఉన్నాయి. మన పసుపు అమ్మాయి కాగితం మీద ఇలా ఉండేది: పాస్‌కి 50, సగటు 8 పాయింట్లకు 70, రివ్యూ మార్కులు నిలుస్తాయి, తప్పితే వైవా ఒక్కటే. అది చదివిన గైడ్ కూడా మిగిలిన వారాల్లో స్లైడ్ల రంగులు మార్చమని చెప్పడం మాని, తట్టల మధ్య ఉష్ణోగ్రత తేడా గురించి అడగడం మొదలుపెట్టేవారు. ఇంటికి వచ్చినప్పుడు తండ్రి ఇంకెంత మిగిలిందని అడిగితే, ఆమె ఆ కాగితమే చేతికిచ్చేది.